లైసెన్సుకు పెట్టిన కుంకుమ

మా అత్తను దాచిపెట్టమని నాకు చెప్పినవాళ్ళు ఒకరా ఇద్దరా! నా మొగుడు చెప్పినాడు, పక్కంగడి బీడీల ఆయన చెప్పినాడు, పాలు పోసే ఆమె చెప్పింది. చివరికి మా అత్తే చెప్పింది, నన్ను దాచిపెట్టవే తల్లీ అని. అందరూ నా మంచికే చెప్పినారంట. నా మంచి అంత మందికి తెలిసి నాకు తెలియకపోవడమే నాకు ఒళ్ళు మండించింది.

మాది మదనపల్లెలో బస్టాండు వెనక సందులో చిన్న హోటలు. హోటలంటే మీరేదో అనుకునేరు. ముందర నాలుగు బెంచీలు వేసిన పెంకుల సావిడి, వెనక పొగచూరిన వంటిల్లు, దాని వెనక అంట్లు తోముకునే పెరడు, అంతే. పొద్దున ఇడ్లీ, ఉప్మా, వడ, కేసరి. మధ్యాన్నం రాగి సంగటి, చింతాకు పప్పు, వేరుశనగ గింజల పచ్చడి ఊరిబిండి. పెద్దతిప్పసముద్రం పక్కనుంచి సంతకొచ్చే రైతులు, మిషన్ ఆసుపత్రికి రోగుల్ని తోడుకొచ్చిన జనం, బస్సు డ్రైవర్లు, వీళ్ళే మా బేరం. గల్లా పెట్టె దగ్గర నా మొగుడు, పప్పూ చట్నీ నేను, సంగటి మాత్రం మా అత్త.

సంగటి గెలకడం అందరికీ వస్తుంది, మా అత్తకు వచ్చినట్టు రాదు. నూకలు ఉడికే కుండలో రాగిపిండి కుప్పగా పోసి మూతపెట్టి, ఎప్పుడు దింపాలో వాసనను బట్టి చెప్పేది. కుండను రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని కట్టెతో గెలికితే ఒక్క ఉండ మిగిలేది కాదు. తర్వాత చెయ్యి నీళ్ళలో ముంచి, పొగలు కక్కే సంగటిని ఒడిసిపట్టి ముద్ద చేసి ఆకులో దించేది. గరిటెతో పెడితే అది సంగటి కాదు, గంజి అనేది. ఆమెతో నాకు పొద్దస్తమానం పోట్లాటే. ఉప్పు దగ్గర పోట్లాట, కట్టెల దగ్గర పోట్లాట, నేను నవ్వితే పోట్లాట. అయినా ఆ ముద్ద తిన్నాక మాత్రం ఎవరి మీదా కోపం నిలవదు, అది నిజం.

ఆమె చేతులకు బొల్లి. రెండు ముంజేతుల మీద, వేళ్ళ మీద, పాలు ఒలికినట్టు తెల్లగా మచ్చలు. నా మొగుడు పాకే వయసులో మొదలైందంట. వాళ్ళ ఊరు కుప్పం దగ్గర రామకుప్పం పక్క. ఆ ఊర్లో ఆడవాళ్ళు పేరంటానికి పిలవడం మానేసినారు. పిలిచినా కుంకుమ బరిణె ఆమె చేతికివ్వకుండా దూరంగా గడప మీద పెట్టేవాళ్ళంట. అప్పట్నుంచీ ఆమె నలుగురిలోకి వస్తే చేతులు పైటలో చుట్టుకునేది. ఎండాకాలమైనా సరే. పొయ్యి ముందర కూర్చున్నప్పుడే ఆ చేతులు బయటికొచ్చేవి.

ఇట్లా ఉండగా, మున్సిపాలిటీ ఆఫీసులో పనిచేసే బంట్రోతు ఒకాయన, రోజూ మా దగ్గరే తినేవాడు, ఒకనాడు తినడం అయినాక కూడా లేవలేదు. నన్ను పిలిచి గొంతు తగ్గించి చెప్పినాడు.

"అమ్మా, మీ మీద అర్జీ పడుండాది. మీ హోటల్లో కుష్ఠురోగం ఉండే ముసిలామె సంగటి చేస్తాందని ఎవరో రాసిపెట్టినారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు సారు ఆ కాయితం పైనే పెట్టుకోనుండాడు. ఎప్పుడొస్తాడో చెప్పడు, వస్తాడు మాత్రం."

మా ఊర్లో శానిటరీ ఇన్‌స్పెక్టరే ఫుడ్ ఇన్‌స్పెక్టరు కూడా. అంటురోగం ఉన్న మనిషిని వంటలో పెట్టుకుంటే లైసెన్సు ఉండదు. అది రూలు, మంచి రూలే. పైగా మా లైసెన్సు మార్చి నెలాఖరుతో అయిపోతుంది, మళ్ళీ రాయించుకోవాలి. ఆయన ఒక్క గీత గీస్తే మా పొయ్యి ఆరిపోయినట్టే. కానీ నాకు పొయ్యి గురించి రాలేదు భయం. కుష్ఠు అన్న మాట మా అత్త చెవిన పడితే ఏమవుతుందోనని వచ్చింది.

పడనే పడింది. గోడకు చెవులుంటాయో లేదో గానీ మా వంటింటి తడికెకు ఉన్నాయి.

ఆ సాయంత్రం నా మొగుడు తల గోక్కుంటూ మొదలుపెట్టినాడు. "అమ్మను కొన్నాళ్ళు మా మేనమామ ఇంటికి పంపిద్దాం. కుప్పం బస్సెక్కిస్తే పోతాది. ఇన్‌స్పెక్టరు వచ్చి సూసిపోయినాక పిలుసుకొస్తాం. దీంట్లో తప్పేముండాది?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉండాది నీ మాట," అన్నాను. "ఆమె పోయిందంటే అర్జీ నిజమనే గదా అర్థం? మళ్ళా ఏ మొగం పెట్టుకోని తిరిగొస్తాది?"

"ఊర్లో వాళ్ళ నోళ్ళు మనం మూయగలమా?"

"మూయలేం. మన నోరు తెరవగలం."

మేమిద్దరం అరుచుకుంటుంటే మా అత్త లోపల్నుంచి గుడ్డసంచి తీసుకుని వచ్చింది. రెండు చీరలు, ఒక దువ్వెన, అంతే అందులో. "నా గాచారం ఇట్లుండాది. మీరెందుకు కొట్లాడుకుంటారు? పొద్దున బస్సుకు పోతా," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదేమో. ఆ సంచి లాక్కుని అటక మీదికి విసిరినాను. ఆమెకు అటక అందదు. "పోతే నన్ను కూడా తోడుకోని పో. ఈ హోటలు నీ కొడుకును నడుపుకోమను, ఉప్మాలో ఉప్పెంతో కూడా తెలీదు ఆయనకు," అన్నాను.

"దీనికి తిక్క లేసింది," అంది మా అత్త కొడుకుతో. కానీ ఆ రాత్రి సంచి అడగలేదు.

మిషన్ ఆసుపత్రిలో నర్సమ్మ ఒకామె డ్యూటీ దిగినాక మా దగ్గర ఇడ్లీ కట్టించుకుపోయేది. క్రైస్తవురాలు. మెత్తటి మనిషే కానీ మాట మాత్రం సూది మందే. ఆమెకు జరిగిందంతా చెప్పినాను. "అది బొల్లి అని మీకు తెలుసు, నాకు తెలుసు. ఇన్‌స్పెక్టరుకు నోటిమాట పనికిరాదు, డాక్టరు కాయితం కావాల. రేపు తోడుకోని రా. అదీగాక కుష్ఠు అయినా ఇప్పుడు మందులుండాయి, మనిషిని ఊరు దాటించే జబ్బు కాదు అది," అంది.

మా అత్తను ఆసుపత్రికి తీసుకుపోవడం కంటే ఎద్దును మిద్దె ఎక్కించడం సులువు. దారి పొడుగూతా పైటలో చేతులు. డాక్టరు ఆ చేతులు బయట పెట్టమన్నాడు. కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో మచ్చల మీద రాస్తూ, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమన్నాడు. ప్రతిసారీ సరిగ్గా చూపించింది. తర్వాత గుండుసూదితో గుచ్చినాడు. "అబ్బా, నీ చెయ్యి ఇరగ!" అనేసింది. నేను గుండె పట్టుకున్నాను. ఆయన నవ్వినాడు. "నొప్పి తెలుస్తా ఉందంటే మంచిదే పెద్దమ్మా" అన్నాడు. చెవితమ్మె దగ్గర చర్మం కొంచెం గీకి పరీక్షకు పంపినాడు. అది కూడా ఏమీ లేదని వచ్చినాక కాయితం రాసి, సీలు వేసి ఇచ్చినాడు: ఇది బొల్లి, అంటుకునేది కాదు, వంట చేయడానికి తగిన ఆరోగ్యంతో ఉంది. మా ముగ్గురికీ కలరాకు, టైఫాయిడుకు టీకాలు వేసి ఆ కాయితాలు కూడా ఇచ్చినారు. నా మొగుడు టీకాకు జ్వరం తెచ్చుకుని రెండు పూటలు పడుకున్నాడు. మా అత్త మాత్రం మధ్యాన్నానికల్లా సంగటి గెలికింది.

ఇక నాకు పట్టుదల వచ్చింది. ఆయన వచ్చేది మా అత్త కోసమే కావచ్చు, కానీ వచ్చినాక కళ్ళు మూసుకుని పోడు కదా. నిజమైన తప్పు ఒకటి దొరికితే దాని పక్కన అబద్ధం కూడా నిజమైపోతుంది. అందుకే బంట్రోతాయన్ను కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టరు ఏమేం చూస్తాడో అడిగినాను. అడిగేకొద్దీ నాకు తల తిరిగింది. మా హోటలు శుభ్రమని నేను విర్రవీగుతుండేదాన్ని!

నీళ్ళ గోళేనికి మూత లేదు. గ్లాసులతోనే ముంచుకుని తాగేవాళ్ళు, వేళ్ళు కూడా మునిగేవి. బల్లలు తుడిచే గుడ్డే ప్లేట్లు తుడిచేది. ఆ గుడ్డ రంగేమిటో దాన్ని నేసినవాడికి కూడా తెలియదు. చట్నీ బేసిను మీద ఈగలు. పెరట్లో అంట్లు తోమిన నీళ్ళు పోయే కాలువ మీద బండ లేదు, దాని పక్కనే కూరగాయల గంప. కేసరికి వేసే పసుపుపచ్చ రంగు పొడి సంతలో పొట్లం కట్టించుకున్నది, పేరూ ఊరూ లేనిది. అది చెప్పగానే తీసుకుపోయి దూరంగా గుంట తవ్వి పూడ్చేసినాను. నా మొగుడు, రంగు లేకపోతే కేసరి ఎవరు తింటారన్నాడు. తినకపోతే మానుకోమన్నాను. తెల్ల కేసరి మొదటి రోజు ఎవరూ ముట్టలేదు, వారం తిరిగేసరికి అలవాటు పడినారు.

సున్నం కొట్టించినాం. మూతలు చేయించినాం. నీళ్ళు ముంచడానికి పొడుగు కాడ ముంత పెట్టినాం. గుడ్డలు వేరు చేసినాం. బల్లకు ఎర్ర గుడ్డ, ప్లేట్లకు తెల్ల గుడ్డ. మా అత్త రెండూ కలిపి ఉడకబెట్టి రెండూ గులాబీ రంగు చేసింది, దానికొక పోట్లాట.

అన్నిటికంటే తమాషా బోర్డు. ఏ పదార్థం ఏ నూనెలో చేసినారో, నెయ్యా, నూనెనా, వనస్పతా అని విడివిడిగా రాసి జనానికి కనబడేలా పెట్టాలంట. మా ఉప్మా వనస్పతిది. నా మొగుడు "నెయ్యి అని రాద్దాంలే" అన్నాడు. నేనే సుద్దముక్క తీసుకుని నల్లపలక మీద పెద్దక్షరాల్లో రాసినాను: ఉప్మా, వనస్పతి. వడ, చట్నీ తిరగమోత, వేరుశనగ నూనె. ఒకాయన అది చదివి, ఇన్నాళ్ళూ నెయ్యి అనుకుని తిన్నానే అని నొచ్చుకున్నాడు. "అనుకున్నది నువ్వు, మేం చెప్పలేదు గదన్నా," అన్నాను. ఆయన మళ్ళీ ఉప్మానే అడిగినాడు.

నూనె మాట వచ్చింది కాబట్టి పుంగనూరు సంగతి చెప్పాలి. మేం నూనె డబ్బాలు పుంగనూరులో ఒక వ్యాపారి దగ్గర తెచ్చేవాళ్ళం. బిల్లు ఎప్పుడూ లేదు. నూనెలో కల్తీ ఉందని తేలితే, ఎవరి దగ్గర కొన్నామో చెప్పాలి. ఆయన లైసెన్సు ఉన్న వ్యాపారి అయి ఉండాలి, సరుకు మంచిదని హామీ రాసిన బిల్లు మన దగ్గర ఉండాలి. మనం తెచ్చింది తెచ్చినట్టే వాడినామని చూపించాలి. అప్పుడే అది మన మెడకు చుట్టుకోదు. లేకపోతే ఎవరో చేసిన కల్తీకి కోర్టులో నిలబడేది మనమే. నేను బస్సెక్కి పోయి బిల్లు రాయమన్నాను.

"ఇన్నేండ్లు లేని బిల్లు ఇప్పుడు యాలమ్మా? మా మీద నమ్మకం లేదా?" అన్నాడు ఆయన.

"నమ్మకం ఉండాదప్పా. ఆ నమ్మకాన్నే కాయితం మీద రాయమంటాండా."

ఆయన ముఖం ముడుచుకుని, ఎదురుగా ఇంకో కొట్టుంది పొమ్మన్నాడు. సరేనని నేను నిజంగానే ఎదురు కొట్టు మెట్లెక్కితే, వెనకనుంచి పిలిచినాడు. హామీ మాటతో సహా బిల్లు రాసిచ్చినాడు. ఆ రోజు నుంచి ప్రతి బిల్లూ తేదీవారీగా ఒక ఇనప తీగకు గుచ్చి గల్లా పక్కన వేలాడదీసినాను. కందిపప్పుది, రవ్వది, నూనెది. మిరపపొడి మాత్రం మేమే కాయలు కొని దంచేవాళ్ళం, ఆ కాయల చీటీ కూడా గుచ్చినాను.

ఇక లైసెన్సు. అది గల్లా పెట్టె అడుగున, పాత క్యాలెండరులో చుట్టి ఉండేది. భద్రంగా ఉండాలని! అది దాచుకునే కాయితం కాదు, వచ్చినవాళ్ళందరికీ కనబడేచోట తగిలించాలని బంట్రోతాయన చెప్పినాడు. అద్దం కట్టించి గడపకు ఎదురుగోడ మీద తగిలించినాం. తగిలించిన చోట అప్పటికే ఒక దేవుడి పటం ఉండేది, దాన్ని కొంచెం పక్కకు జరిపినాం. అక్కడే వచ్చింది తంటా, అప్పుడు నాకు తెలియలేదు.

ఎంత సిద్ధం చేసినా మా అత్త ఒక్క షరతు పెట్టింది. ఇన్‌స్పెక్టరు వస్తే తాను పెరట్లో కూర్చుంటుంది, ముందుకు రాదు. "కాయితం సూపించుకోండి, నన్ను సూపించొద్దు," అంది. నేను వద్దన్నాను. ఆమె పట్టు విడవలేదు. చివరికి, వంటింట్లోనే ఉండు, సంగటి దగ్గర్నుంచి లేవొద్దు అని ఒప్పించినాను. అదే నా గెలుపు అనుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాన్నం, సావిడి నిండా జనం తింటుండగా ఆయన వచ్చినాడు. చేతిలో తోలుసంచి, వెనక సీసాలు మోసుకుని ఒక మనిషి. సన్నటాయన, కళ్ళద్దాలు, ఎవరి మీదా కోపమూ ప్రేమా లేని ముఖం. నర్సమ్మ కూడా ఆ పూట అక్కడే భోంచేస్తూ ఉంది. నాకు ఆయన పేరు చెప్పి పరిచయం చేసేవాళ్ళెవరూ అక్కర్లేకపోయింది. నా మొగుడు లేచి నిలబడిన తీరులోనే తెలిసిపోయింది.

ఆయన మొదట అడిగింది ఒకటే. "వంట చేసేదెవరు?"

"నా పెండ్లాం సార్," అన్నాడు నా మొగుడు.

"ఇంకెవరూ లేరా?"

"లేరు సార్."

నేను పప్పు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఉన్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది. కన్నతల్లి తడికె అవతల ఉంటే లేదంటాడా! నేను నోరు తెరిచే లోపల ఇన్‌స్పెక్టరు లైసెన్సు వైపు నడిచినాడు. కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసినాడు. దగ్గరికి పోయి చూసినాడు.

"ఏమిటిది? నంబరు కనిపించదు, ఏ సంవత్సరం దాకానో కనిపించదు. ఈ కుంకుమ ఎవరు పెట్టినారు?"

అప్పుడు చూసినాను నేను. లైసెన్సు అద్దానికి నిలువునా పసుపు పూత, నంబరు మీద ఒక కుంకుమ బొట్టు, సంవత్సరం మీద ఇంకొకటి, చివర మున్సిపాలిటీ సీలు మీద అన్నిటికంటే పెద్దది. పైన ఒక కనకాంబరాల మూర. శుక్రవారం కదా, పొద్దున దేవుడి పటం తుడిచి బొట్లు పెట్టిన చెయ్యి, పక్కనున్న దాన్ని కూడా వదల్లేదు.

ఎవరూ మాట్లాడకముందే లోపల్నుంచి మా అత్త గొంతు వినిపించింది. "నేనేనప్పా పెట్టింది. మాకు కూడు పెట్టే కాయితం గదా, ఉత్తగా ఉంటే బాగుండదని పెట్టినా. ఉండు, తుడుస్తా."

అంటూ వచ్చేసింది! పెరట్లో దాక్కుంటానన్న మనిషి, లేవొద్దని నేను చెప్పిన మనిషి, ఎక్కడ తన కుంకుమ వల్ల కొడుకు లైసెన్సు పోతుందోనని సావిడి మధ్యలో నుంచి నడిచి వచ్చింది. పైట కొంగుతోనే తుడిచింది. కొంగు తుడవడానికి పోయింది కాబట్టి చేతుల మీద ఏమీ లేదు. తెల్లటి వేళ్ళు, వాటి మీద ఎర్రటి కుంకుమ. తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయినాయి. మా అత్తకు అప్పుడు తెలిసింది తానెక్కడ నిలబడిందో. చేతులు దాచుకోవడానికి కొంగు వెతుక్కుంది, అది పసుపూ కుంకుమా అయిపోయి ఉంది.

ఇన్‌స్పెక్టరు నా మొగుడి వైపు తిరిగినాడు. "ఎవరూ లేరన్నావే?"

నేను ముందుకు పోయినాను. "ఆయన భయపడి అబద్ధం చెప్పినాడు సార్. నేను చెప్తాండా. ఈమె మా అత్త. ఈ హోటల్లో సంగటి చేసేది ఈమే. పనివాళ్ళ పుస్తకంలో మొదటి పేరు ఈమెదే, సూడండి." పుస్తకం, డాక్టరు కాయితం, టీకాల కాయితాలు బల్ల మీద పెట్టినాను.

ఆయన కాయితం మొదట్నుంచీ చివరిదాకా చదివినాడు. సీలు చూసినాడు. తేదీ చూసినాడు. "బొల్లి. అంటేది కాదు. సరే," అని అర్జీ మీద ఏదో రాసుకున్నాడు. ఆ ఒక్క సరే కోసం నేను పడిన పాట్లకు నాకు ఏడుపొచ్చింది, అణుచుకున్నాను.

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "ఒక మాటమ్మా. రోగం కాదనుకో. జనం సూసేదానికి బాగుండదు. ఈమెను లోపలే ఉంచండి, వడ్డించనియ్యొద్దు."

"అది రూల్లో ఉండాదా సార్?"

"రూల్లో లేదు. మంచి మాట చెప్తున్నా."

"మంచి మాటలు మాకు బోలెడు మంది చెప్పినారు సార్. మీరు రూలు చెప్పేదానికొచ్చినారు. రూలుంటే రాయండి, సంతకం పెడతా. లేకుంటే నా అత్త యాడ కూర్చోవాల్నో నేను సూసుకుంటా."

ఇన్‌స్పెక్టరుకు కోపమొచ్చిందనే అనుకున్నాను. నోటీసు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టినాడు. మా అత్త సంగతి రాయలేదు. ఉన్న తప్పులు రాసినాడు: లైసెన్సు చదవడానికి వీల్లేకుండా ఉండింది. కాలువ మీద వేసిన బండ సగానికే ఉంది. వంటనూనె డబ్బా పక్కనే కిరసనాయిలు డబ్బా. మూడూ నిజమే. కిరసనాయిలు సంగతి మాకెవరికీ తట్టనే లేదు. రెండూ నూనెలే కదా అని ఒకే మూల పెట్టినాం! "ఇవి ఒప్పుకుంటాండా సార్," అని సంతకం పెట్టినాను.

తర్వాత నూనెలో శాంపిలు తీసినాడు. నోటీసిచ్చి, తీసుకున్న నూనెకు డబ్బు కట్టి రసీదు రాయించుకున్నాడు. తడి లేని సీసాలు మూడింటిలో సమానంగా పోయించి, చీటీలు అంటించి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేసినాడు. ఒకటి పరీక్షకు పోతుంది, రెండు హెల్త్ ఆఫీసరు దగ్గర ఉంటాయి. సాక్షి సంతకం ఎవరైనా పెట్టండని అడిగితే, తింటున్న మగాళ్ళలో సగం మంది చెయ్యి కడుక్కోవడానికి లేచినారు. నర్సమ్మ ఎడమచేత్తో కలం అందుకుని, "నా కుడిచెయ్యి కడుక్కోని వస్తా, ఉండండి," అని పోయి కడుక్కుని వచ్చి సంతకం పెట్టింది. నూనె ఎక్కడిదని అడిగితే తీగ మీదనుంచి పుంగనూరు బిల్లు తీసి చూపించినాను. నంబరు రాసుకున్నాడు. ఆ నూనె మంచిదనే వచ్చింది, లైసెన్సు కూడా మళ్ళీ వచ్చింది, అదంతా తర్వాత.

ఆయన పోయినాక సావిడి సావిడిగా లేదు. ఎవరూ తినడం లేదు, ఎవరూ పోవడం లేదు. సంత రైతులు ఇద్దరు ఆకులు మడిచేసినారు. ఒకాయన సగం ముద్దను వేలితో పక్కకు తోసినాడు. మా అత్త గోడకానుకుని నిలబడి ఉంది. వంటింట్లోకి పోవడానికి అందర్నీ దాటుకుని పోవాలి, అది చేతకాక నిలబడి ఉంది. నా మొగుడు గల్లా పెట్టెలోకి చూస్తున్నాడు. డాక్టరు చెప్పినాడు, సర్కారు చెప్పింది, అయినా ఈ సావిడి చెప్పాల్సింది మిగిలే ఉంది.

నాకు ఏం చేయాలో తెలియక కిరసనాయిలు డబ్బా ఎత్తుకుపోయి పెరట్లో పెట్టి వచ్చినాను. ఎవరూ కదల్లేదు. ఇక ఆగలేకపోయినాను.

హోటలు ఆడవాళ్ళం బేరమంతా అయినాక, అడుగంటింది తినేవాళ్ళం. వచ్చినవాళ్ళ ముందర బెంచీ మీద కూర్చుని తినడం అనేది మాకు లేదు, మా ఇండ్లల్లోనే లేదు. ఆ రోజు ఆకు తీసుకుని, ముద్దను పక్కకు తోసినాయన ఎదురుగానే, బెంచీ మీద కూర్చున్నాను.

"అత్తా, సంగటి తెచ్చి పెట్టు నాకు," అని అరిచినాను. "నీ చేత్తో. ఈడికి. వీళ్ళందరూ సూస్తారు, సూడనీ."

మా అత్త కదిలింది. బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ లోపలికి పోయి, కుంకుమ చేతులు కడుక్కుని, కుండ ఎత్తుకుని వచ్చింది. చేతులు దాచుకోలేదు, కుండ పట్టుకుంటే దాచుకోవడానికి కుదరదు. నా బల్ల మీద కుండ దించి, గ్లాసు నీళ్ళతో చెయ్యి తడుపుకుని ముద్ద చేసింది. అందరి కళ్ళూ ఆ చేతి మీదే. నేను ఆకు ముందుకు జరిపినాను. ఆమె ముద్ద పట్టుకునే ఉంది, పెట్టలేదు. నా చేతుల్ని చూస్తోంది.

"ఏందిమే ఆ చేతులు?" అంది, పొద్దున పోట్లాటలో పలికే గొంతుతో, సావిడంతా వినబడేలా. "కిరసనాయిలు మోసి, సంతకాలు పెట్టి, అట్నే కూడు దగ్గరికొచ్చి కూర్చుంటివే. పో, ముందు చెయ్యి కడుక్కోని రా."

పోయి కడుక్కుని వచ్చినాను.